టార్గెట్ మారితే ఇన్సెంటివ్ ఏమవుతుంది?

వేరియబుల్ పే యజమాని దయతో ఇచ్చే బహుమానమా, ఉద్యోగి చేసిన పనికి రావలసిన బాకీనా అన్నది దాని పేరును బట్టి తేలదు. ఆఫర్ లెటర్‌లోనూ స్కీమ్ పత్రంలోనూ రాసుకున్న షరతులను బట్టే తేలుతుంది. ‘పూర్తిగా మేనేజ్‌మెంట్ విచక్షణ మేరకు’ అని ఉంటే హక్కు బలహీనం. ఇంత అమ్మితే ఇంత ఇస్తామని లెక్క కట్టి రాస్తే, అది భారత కాంట్రాక్టు చట్టం, 1872 కింద నిలిచే హామీ. షరతు నెరవేరిన రోజునే సొమ్ము బాకీపడుతుంది. చెల్లింపు తేదీ తరువాత రావచ్చు గానీ, హక్కు పుట్టేది మాత్రం ఆ రోజునే.

కాబట్టి మొదట చూడవలసింది ఆ షరతు ఏమిటన్నది. మందుల కంపెనీల్లో అమ్మకం అంటే స్టాకిస్టుకు వేసిన సరుకా, స్టాకిస్టు దగ్గర నుంచి మెడికల్ షాపులకు వెళ్లిన సరుకా అన్న తేడాతోనే ఇన్సెంటివ్ తారుమారవుతుంది. కొన్ని స్కీముల్లో డబ్బు వసూలైతేనే అమ్మకం కింద లెక్క. వెనక్కి వచ్చిన సరుకును తీసివేసే షరతు కూడా మామూలే.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. వరంగల్‌లో పనిచేసే ఒక మెడికల్ రిప్రజెంటేటివ్‌కు ఏడాదికి 60 లక్షల టార్గెట్, 1,20,000 రూపాయల ఇన్సెంటివ్. లెక్క ఆరు నెలలకొకసారి: 30 లక్షలు చేస్తే 60,000. 80 శాతం దాటితే దామాషాలో ఇస్తారు, అంతకు తగ్గితే ఏమీ రాదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు 31 లక్షల అమ్మకం జరిగింది. అక్టోబరు 15న ఒక మెయిల్ వచ్చింది: టార్గెట్ 80 లక్షలకు పెరిగింది, ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుంది. అంటే ఆరు నెలల టార్గెట్ 40 లక్షలు అయింది. 31 లక్షలు అందులో 77.5 శాతమే కనుక చేతికి వచ్చేది సున్నా.

ఈ వెనుక తేదీ మార్పు నిలవడం కష్టం. సెప్టెంబరు 30 నాటికే షరతు నెరవేరి 60,000 బాకీపడింది. కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని మార్చాలంటే ఇరుపక్షాలూ అంగీకరించాలి. ‘ఎప్పుడైనా మార్చే హక్కు కంపెనీకి ఉంది’ అన్న వాక్యం స్కీమ్‌లో ఉన్నా, దాన్ని రాబోయే కాలానికే చదవడం సబబు. చేసేసిన పని విలువను మింగేసేలా చదివితే హామీకి అర్థమే ఉండదు.

మిగతా ఆరు నెలల సంగతి వేరు. అలాంటి వాక్యం ఉంటే ముందుగా తెలియజేసి టార్గెట్ పెంచే వీలు కంపెనీకి చాలావరకు ఉంటుంది. లేకపోతే ఉద్యోగి ఒప్పుకోవాలి. అసలు చిక్కంతా లెక్క ఏడాది చివర ఒకేసారి ఉండే స్కీములతో వస్తుంది. అక్కడ అక్టోబరు నాటికి షరతు ఇంకా నెరవేరలేదు కనుక హక్కు పుట్టలేదని కంపెనీ వాదిస్తుంది. పాత టార్గెట్‌ను నమ్మి సగం ఏడాది పనిచేశానని ఉద్యోగి అంటాడు. ఇక్కడ ఫలితం స్కీమ్ మాటల మీదే ఆధారపడుతుంది. మాట రెండు రకాలుగా అర్థమైతే, దాన్ని రాసినవారికి వ్యతిరేకంగా చదవడం కోర్టులు పాటించే సూత్రాల్లో ఒకటి.

చట్టం నిర్వచించిన ‘వర్కర్’ అయితే మరో రక్షణ ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం వేతనాల వంటి సర్వీసు షరతులను మార్చాలంటే 21 రోజుల నోటీసు ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే నియమం ఉండేది. సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులు కూడా వర్కర్ల కిందికే వస్తారు కనుక, పై ఉదాహరణలోని ఉద్యోగి ఆ నోటీసు ఎక్కడని అడగవచ్చు. రావలసిన సొమ్ము వసూలుకు అదే కోడ్ కింద దరఖాస్తు దారి కూడా ఉంది. మేనేజర్లకు ఈ దారి లేదు. వారు సివిల్ కోర్టుకే వెళ్లాలి.

చెల్లింపు రోజున కంపెనీ రోల్స్‌లో ఉన్నవారికే ఇస్తామన్న షరతు కూడా చాలామందిని దెబ్బతీస్తుంది. మార్చి దాకా పనిచేసి మేలో రాజీనామా చేస్తే, జులైలో ఇచ్చే సొమ్ము రాదంటారు. అది స్కీమ్‌లో ముందే స్పష్టంగా ఉంటే ఎదిరించడం కష్టమే. ముందు లేనిది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ వేళ మొదటిసారి వినిపిస్తే, దానికి ఆ బలం లేదు.

మార్పు మెయిల్ వచ్చాక మాట్లాడకుండా పని కొనసాగిస్తే, అదే అంగీకారమని కంపెనీ రేపు చూపిస్తుంది. కాబట్టి కొత్త టార్గెట్‌ను ఒప్పుకోవడం లేదనీ, సెప్టెంబరు వరకు సంపాదించుకున్న సొమ్ము ఇంత అనీ వెంటనే మర్యాదగా తిరుగు మెయిల్ రాయాలి. పాత స్కీమ్ పత్రాన్నీ, నెలవారీ అమ్మకాల స్టేట్‌మెంట్లనూ ఆఫీసు లాగిన్ ఆగిపోకముందే భద్రపరచుకోవాలి. సివిల్ దావాకు గడువు సొమ్ము బాకీపడిన నాటి నుంచి 3 ఏళ్లు. హెచ్‌ఆర్‌తో సాగే ఉత్తర ప్రత్యుత్తరాల వల్ల ఆ గడువు ఆగదు.