ఎవరూ మీటని గాంధారం

కచేరీకి ముందు తంబూరా శ్రుతి చేయడానికి ఒక్కోసారి పావుగంట పడుతుంది. చూసేవాళ్లకు విసుగు పుడుతుంది కూడా. ఉన్నవి నాలుగు తీగలు. వీణకున్నట్టు మెట్లు లేవు, వేలితో నొక్కేది లేదు, రాగం వాయించేది లేదు. నాలుగు తీగలు సరిచేయడానికి అంతసేపెందుకు?

ఐదు శ్రుతిలో పాడే ఒక గాయనిని తీసుకుందాం. ఆమె మధ్యస్థాయి షడ్జం సెకనుకు 196 కంపనాల దగ్గర ఉంటుంది. తంబూరాలో మొదట మీటేది పంచమం తీగ, 147 కంపనాలు. తర్వాత వచ్చే సారణి, అనుసారణి రెండూ ఆమె షడ్జమే, 196. చివరిది మంద్ర షడ్జం, సరిగ్గా అందులో సగం, 98. పంచమాన్ని మధ్యవేలితోనూ మిగతా మూడింటినీ చూపుడువేలితోనూ, గోరు తగలకుండా మెత్తగా మీటుతారు. పాటలో తాళం ఏదైనా తంబూరా దాన్ని పట్టించుకోదు, తన నడకన తాను పోతుంది.

ముందు సారణిని శ్రుతిపెట్టెతో కలుపుతారు. ఆ తర్వాత అనుసారణిని సారణితో కలపాలి. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఒకటి 196 దగ్గర, రెండోది 193 దగ్గర ఉంటే, రెండూ కలిసి మోగినప్పుడు నాదం సెకనుకు మూడుసార్లు ఉబ్బి తగ్గుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో శ్రుతిదండాలతో చదువుకున్న విస్పందనాలు ఇవే. బిరడ తిప్పి తీగను బిగిస్తూ పోతే ఆ ఊపు సెకనుకు రెండు, ఒకటి, రెండు సెకన్లకు ఒకటి అవుతూ నెమ్మదించి, చివరికి ఆగిపోతుంది. ఆగిన చోటే శ్రుతి. ఇందుకు స్వరజ్ఞానం కన్నా ఓపికగా వినడం ముఖ్యం. ఊపును లెక్కపెట్టగలిగితే కొత్తవాళ్లయినా చేయగలరు.

బిరడతో వచ్చేది దాదాపు శ్రుతి మాత్రమే. ఆ చివరి వెంట్రుకవాసి తేడాను తీగలకు గుచ్చిన పూసలు సరిచేస్తాయి. గుర్రం నుంచి పూసను కిందికి లాగితే తీగ బిగుసుకుని స్వరం కొద్దిగా పెరుగుతుంది, గుర్రం వైపు జరిపితే తగ్గుతుంది. తీగను కింద నుంచి పైకి తెచ్చి శ్రుతిలో నిలపడం మంచిది. స్వరం దాటిపోతే బాగా దించి మళ్లీ ఎక్కించాలి. అలా కాకుండా కొంచెం దించి వదిలేస్తే కాసేపటికి ఆ తీగ ఇంకా జారుతుంది. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. శ్రుతి చేసేటప్పుడు గట్టిగా మీటి, కచేరీలో మెత్తగా మీటకూడదు. గట్టిగా మీటిన తీగ తొలిక్షణంలో కాస్త హెచ్చుగా పలుకుతుంది కాబట్టి ఆ శ్రుతి తర్వాత నిలవదు.

నాలుగూ కలిశాక జీవ వంతు. గుర్రం పైభాగం చదునుగా కనిపించినా, దానికి కంటికి ఆనని వంపు ఉంటుంది. తీగకూ ఆ వంపుకూ మధ్య సన్నని దారప్పోగును దూర్చి, అటూ ఇటూ జరుపుతూ తీగను మీటుతారు. ఒకచోట తీగ మొద్దుగా పలుకుతుంది, ఇంకోచోట రేకు కదిలినట్టు చిటపటలాడుతుంది. ఆ రెంటికీ నడుమ ఒక చోట నాదం ఒక్కసారిగా విప్పారుతుంది. దారం పెట్టాక స్వరం స్వల్పంగా మారుతుంది గనుక పూసలతో మళ్లీ సరిచూసుకోవాలి. పావుగంటలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా.

ఈ విప్పారడం వెనకున్న కారణాన్ని వెతికినవాడు సి.వి.రామన్. విశాఖపట్నంలో చదువుకున్న ఆయన, కలకత్తాలో పనిచేస్తున్న రోజుల్లో, 1921లో మన తంత్రీవాద్యాల మీద ఒక పరిశోధన పత్రం వెలువరించారు. మీటిన తీగ మొత్తంగానే కాక, రెండు, మూడు, నాలుగు, ఐదు సమభాగాలుగా కూడా కంపిస్తుంది. ప్రతి భాగానికీ ఒక అనుస్వరం ఉంటుంది. మామూలు లెక్క ప్రకారం, ఏ అనుస్వరానికి కదలిక లేని బిందువు దగ్గర తీగను మీటితే ఆ అనుస్వరం వినిపించకూడదు. తంబూరాలో, వీణలో అది స్పష్టంగా వినిపిస్తోందని రామన్ గమనించారు. తీగ కదిలినప్పుడల్లా గుర్రం వంపును తాకుతూ విడుతూ ఉండటం వల్ల అనుస్వరాలు కొత్తగా బలం పుంజుకుంటాయి.

ఇప్పుడు మన గాయని తంబూరాకు వద్దాం. మంద్ర షడ్జం 98. దాని ఐదో అనుస్వరం 490. అందులో సగం 245, అంటే ఆమె షడ్జానికి సరిగ్గా ఒకటింపావు రెట్లు. అది అంతరగాంధారం. నాలుగు తీగల్లో దేనికీ గాంధారం పెట్టలేదు, ఎవరూ మీటలేదు. అయినా శ్రుతి కుదిరిన తంబూరాలో అది పైస్థాయిలో తేలుతూ వినిపిస్తుంది. విద్వాంసులు దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. పంచమం తీగ మూడో అనుస్వరం 441. అది పైస్థాయి చతుశ్శ్రుతి రిషభం. నాలుగు తీగల్లో ఒక్కటి తప్పినా ఇవి మసకబారతాయి. తంబూరా నిజంగా కుదిరిందా లేదా అన్నదానికి గాంధారం వినిపించడాన్ని మించిన పరీక్ష లేదు.

శంకరాభరణమో కల్యాణో పాడుతూ గాయని గాంధారం మీద నిలిచినప్పుడు, ఆమె గొంతు గాలిలో ఉన్న ఆ గాంధారంతో కలవాలి. కలవకపోతే నాదంలో ఒక గరుకుదనం వస్తుంది. తర్ఫీదు పొందిన గొంతు దానంతటదే సర్దుకుంటుంది. కీబోర్డు పక్కన పెట్టుకుని సాధన చేసేవాళ్లకు ఇక్కడే చిక్కు. ఐదు శ్రుతి షడ్జానికి కీబోర్డు ఇచ్చే గాంధారం దాదాపు 247. రెండు కంపనాలు హెచ్చు. ఏళ్ల తరబడి దానితో పాడిన గొంతు తంబూరా పక్కన కూర్చుంటే గాంధారం దగ్గర ఎప్పుడూ కొంచెం పైకే పోతుంది.

అయితే తంబూరా అన్ని స్వరాలకూ ఒకే సాయం చేయదు. షడ్జం, పంచమం బాహాటంగా దొరుకుతాయి. అంతరగాంధారం, చతుశ్శ్రుతి రిషభం వినేవాళ్లకు దొరుకుతాయి. తోడి గాంధారాన్ని మాత్రం తంబూరాలో వెతకడం వృథా. అది గమకంతో ఊగే స్వరం. ఆ ఊపు ఎంత పైకి పోవాలో, ఎక్కడ తిరగాలో గురువు దగ్గరే నేర్చుకోవాలి. ఊపు ముగించి షడ్జానికి దిగేటప్పుడు సరిగ్గా దిగామా లేదా అన్నది తంబూరా చెబుతుంది. ఏ ఆధారమూ లేకుండా పాడితే గొంతు కొద్దికొద్దిగా జారిపోతుంది, పాడేవాళ్లకు తెలియదు కూడా. మనం పోల్చుకునేది ఒక్క క్షణం కిందట మనం పాడిన స్వరంతోనే కాబట్టి, జారిన స్వరమే కొత్త షడ్జమైపోతుంది.

దీనికి ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఉంది. తంబూరా మోగుతుండగా అకారంలో షడ్జాన్ని దీర్ఘంగా పట్టి, ఉన్నట్టుండి ఆపేయండి. తర్వాత మిగిలిన తంబూరా షడ్జం మీరు ఆపిన చోటే ఉంటే సరే. అది పైకి లేచినట్టనిపిస్తే మీరు తగ్గారు, కిందికి దిగినట్టనిపిస్తే హెచ్చారు. పై షడ్జం దగ్గర ఈ పరీక్ష తప్పక చేయాలి. గొంతు మీద ఒత్తిడి పెరిగి శ్రుతి తప్పేది ఎక్కువగా అక్కడే.

వేదిక మీద ఇబ్బంది వేరే రకం. మృదంగం, వయొలిన్ మైకుల హోరులో తంబూరా గాయని చెవికి చేరకపోతే ఎంత బాగా శ్రుతి చేసినా ఫలితం లేదు. అందుకే తంబూరా పట్టుకున్నవాళ్లు గాయని వెనకే, చెవికి దగ్గరగా కూర్చుంటారు. ఏసీ గాలికి, దీపాల వేడికి తీగలు మారతాయి కనుక పాటకూ పాటకూ మధ్య సరిచూసుకోవడం మామూలే. అది చేతగానితనం కాదు. సరిచూసుకోకుండా మూడు గంటలు లాగించేవాళ్లను చూసి అనుమానించాలి.

ఈ రోజుల్లో సాధన ఎక్కువగా ఫోన్లోని తంబూరా యాప్‌తోనే సాగుతోంది. యాప్‌లో తప్పేమీ లేదు, దాని తీగలు జారవు. కానీ ఫోను స్పీకరుకు 98 కంపనాల మంద్ర షడ్జాన్ని పలికించే శక్తి లేదు, పైపై మోతే వస్తుంది. ఫోనును ఒక మోస్తరు పెద్ద స్పీకరుకు కలిపి, మీ గొంతు కన్నా కాస్త తక్కువగా మోగేలా పెట్టుకోండి. గొంతు విప్పే ముందు గాంధారం వినిపించేదాకా ఊరికే వినండి.