వైవా రికార్డింగులో ఆ జవాబు ఎవరిది?

రాత పరీక్ష మీద అనుమానమొస్తే జవాబుపత్రం తీసి మళ్లీ దిద్దించవచ్చు. వైవాలో ఆ వీలు లేదు, అక్కడ మిగిలేది మాటలే. అందుకే వైవాను రికార్డు చేస్తే, మార్కులు సమంగా పడ్డాయో లేదో చూసే మోడరేటరుకు ఆ రికార్డింగే ఆధారం. కానీ అరవై మంది విద్యార్థులు, తలా పది నిమిషాలు అనుకున్నా మొత్తం పది గంటలు వినాలి. ఆ పని తగ్గించడానికే ఎవరో ఒకరు ముందుగా విని, అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు, మోడరేటరు చూడాల్సిన విషయాలు మూడు గడుల్లో రాసిపెడతారు. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. తప్పు జరిగేది మాత్రం ఇక్కడే.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. మెడికల్ కాలేజీలో పిల్లల వైద్యం వైవా. నీళ్ల విరేచనాలతో వచ్చిన పదికిలోల బిడ్డ గురించి ప్రశ్న. ఒంట్లో నీరు కొంత తగ్గింది, ప్రాణాపాయం లేదు. "ఓఆర్ఎస్ ఎంతిస్తావమ్మా?" అన్నారు పరీక్షకులు. "కిలోకు 75 ఎం.ఎల్. సార్, అంటే 750" అంది అమ్మాయి. "ఎంతసేపట్లో?" "ఎనిమిది గంటల్లో..." అని ఆగిపోయింది. ఆరు సెకన్లు నిశ్శబ్దం. "ఎనిమిదా, నాలుగా?" "నాలుగు, సార్."

దీన్ని తొందరలో రాసేవారు "750 ఎం.ఎల్., నాలుగు గంటల్లో అని చెప్పింది, సరైనదే" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. డబ్ల్యూహెచ్ఓ చెప్పే లెక్క కూడా అదే కాబట్టి తప్పు పట్టడానికేమీ కనిపించదు. కానీ 750 ఆ అమ్మాయి జవాబు, నాలుగు గంటలు మాత్రం పరీక్షకుడు అందించినది. సారాంశం ఇలా ఉండాలి:

ప్రశ్న (3:10): పదికిలోల బిడ్డకు ఓఆర్ఎస్ ఎంత, ఎంతసేపట్లో?
జవాబు: "కిలోకు 75, అంటే 750." వ్యవధికి మొదట "ఎనిమిది గంటలు". ఆరు సెకన్ల తర్వాత పరీక్షకుడు "ఎనిమిదా, నాలుగా?" అన్నాక "నాలుగు".
గమనిక: మోతాదు సొంతంగా చెప్పింది. వ్యవధి చెప్పింది పరీక్షకుడు రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నాకే.

గమనికలో "తడబడింది", "ధైర్యంగా చెప్పింది" లాంటి మాటలు లేవని గమనించండి. అవి రాసేవారి అభిప్రాయాలు. మోడరేటరుకు కావలసింది జరిగినది. పరీక్షకుడు ప్రశ్నను మళ్లీ అదే మాటల్లో అడిగితే అది సాయం కాదు. "ఇంకా?" అంటే చిన్న ప్రోత్సాహం. జవాబును ప్రశ్నలోనే పెట్టి అడిగితే అది అందించినట్టే. ఈ మూడింటిలో ఏది జరిగిందో ప్రతిసారీ కనబడాలి. అందిస్తే మార్కు సగమా, సున్నానా అన్నది సారాంశం తేల్చాల్సింది కాదు. అది పరీక్షకు ముందే రాసిపెట్టుకోవలసిన నిబంధన.

రెండో ప్రమాదం వినబడని చోట ఉంది. అదే వైవాలో జింకు మాత్ర ఎన్ని రోజులివ్వాలని అడిగినప్పుడు కుర్చీ కిర్రుమంది. అమ్మాయి మాటలో "...నాలుగు రోజులు" మాత్రమే తెలుస్తోంది. పుస్తకం చదివిన మనిషికి వెంటనే తోచేది "పది నుంచి పద్నాలుగు రోజులు", చేయి ఆ మాటే రాసేస్తుంది. ఆమె "నాలుగు రోజులు" అనే ఉండొచ్చు. ఇలాంటప్పుడు "6:12 నుంచి 6:15 వరకు స్పష్టంగా లేదు, చివర ‘నాలుగు రోజులు’ వినబడింది" అని రాసి వదిలేయాలి. సమయం రాసి ఉంటే మోడరేటరు నేరుగా ఆ మూడు సెకన్లు వింటాడు. విద్యార్థి ఏదైనా పరికరాన్ని వేలితో చూపిస్తే ఆడియోలో అసలే తెలియదు. "ఇదిగో" అన్న మాట వినబడితే ఆ సంగతీ గమనికలో ఉండాలి.

ఇందుకోసం రికార్డింగును రెండుసార్లు వినడం మంచిది. మొదటిసారి ప్రశ్నలు, వాటి సమయాలు మాత్రమే రాసుకోవాలి. రెండోసారి జవాబులు, మధ్యలో పరీక్షకుడు కల్పించుకున్న చోట్లు. అప్పటిదాకా వేసిన మార్కులు చూడకూడదు. ఐదుకు ఐదు పడ్డాయని తెలిస్తే ఆ ఎనిమిది గంటలు చెవికి ఆనవు. సారాంశం మీద పేరుకు బదులు కోడు నంబరు వేస్తారు.

ఇక మోడరేటరు ఏం చేస్తాడు? ఇంకో విద్యార్థి కూడా అదే ప్రశ్నకు ఎనిమిది గంటలని ఉంటాడు. వేరే బల్ల దగ్గర పరీక్షకుడు మౌనంగా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయి ఒక మార్కు కోసి ఉంటాడు. విడివిడిగా చూస్తే రెండు మార్కులూ సబబుగానే కనిపిస్తాయి. రెండు సారాంశాలు పక్కపక్కన పెడితే తెలిసేది, తేడా పిల్లల చదువులో లేదు, పరీక్షకుల తీరులో ఉందని. అలాంటిది పది మందిలో కనబడితే మోడరేటరు ఆ రికార్డింగులు విని, ఆ బల్ల మార్కులన్నీ మళ్లీ చూస్తాడు. మొదటి సారాంశంలో ఆ "ఎనిమిదా, నాలుగా?" లేకపోతే ఆ పోలికకే అవకాశం ఉండదు.