ఫోల్డర్‌కు లింకా, పేర్లా?

నలభై ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్ సంఘం అనుకుందాం. కార్యదర్శి తన గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరిచి నెలవారీ లెక్కలు, లిఫ్ట్ మరమ్మతు బిల్లులు, వాచ్‌మన్ జీతం రసీదులు అందులో పెట్టాడు. నలభై ఇళ్ల ఈమెయిళ్లు అడిగి ఒక్కొక్కటీ ఎక్కించే ఓపిక ఎవరికుంటుంది? Share నొక్కి, Restricted అని ఉన్నచోట Anyone with the link అని మార్చి, ఆ లింకును వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. లెక్కల వరకూ ఇందులో తప్పేమీ లేదు. కొన్నాళ్లకు, అద్దెకు దిగినవాళ్ల ఆధార్ కాపీలు, అద్దె ఒప్పందాలు దాచడానికి అదే ఫోల్డర్‌లో మరో చిన్న ఫోల్డర్ చేశాడు. చిక్కంతా అక్కడే.

పై ఫోల్డర్‌కు ఇచ్చిన అనుమతి మామూలుగా లోపలున్న వాటన్నిటికీ పాకుతుంది. తర్వాత ఎప్పుడో చేర్చిన వాటికీ పాకుతుంది. లెక్కల కోసం ఇచ్చిన లింకుతోనే ఇప్పుడు ఆధార్ కాపీలూ తెరుచుకుంటాయి. తెరిచేవాళ్లు లాగిన్ కానక్కర్లేదు కాబట్టి, ఎవరు చూశారో కార్యదర్శికి తెలిసే దారి లేదు.

లింకులో ఉండే పొడవాటి అక్షరాల వరసను ఊహించి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అయినా లింకులు బయటపడతాయి. 2014 మే నెలలో డ్రాప్‌బాక్స్‌కు ఇదే అనుభవమైంది. లింకుతో పంచుకున్న పత్రంలో వేరే వెబ్‌సైటు లింకు ఉండి, చదివేవారు దాన్ని నొక్కితే, ఎక్కడి నుంచి వస్తున్నారో బ్రౌజర్ ఆ సైటుకు చెప్పేది. అలా రహస్య చిరునామా అవతలివాళ్ల చేతికి అందేది. లింకును అడ్రస్ గడిలో కాక వెతుకులాట గడిలో అతికించేవాళ్ల వల్ల మరో దారి ఏర్పడింది. ఇంట్రాలింక్స్ అనే సంస్థ తన గూగుల్ ప్రకటనల వివరాలు పరిశీలిస్తుంటే, ముక్కూమొహం తెలియనివాళ్ల పన్ను రిటర్నులు, ఇంటి రుణ దరఖాస్తులు తెరుచుకునే లింకులు అందులో కనిపించాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు.

మన అపార్ట్‌మెంట్‌లో అంత తతంగం కూడా అక్కర్లేదు. ఇల్లు ఖాళీ చేసినవారిని గ్రూపులోంచి తీసేసినా, వాళ్ల ఫోన్‌లో లింకు ఉండిపోతుంది. ఆ ఒక్కరికే తలుపు మూయడం కుదరదు. Restricted అని మారిస్తే అందరికీ మూసుకుంటుంది. నాలుగు రోజులాగి మళ్లీ తెరిస్తే పాత లింకే తిరిగి పనిచేస్తుంది. కొత్త చిరునామా కావాలంటే కొత్త ఫోల్డర్ చేసుకోవాల్సిందే. మధ్యలో ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే ఆ కాపీ మీద మన పెత్తనం ఉండదు.

పేర్లు ఎక్కించి పిలిస్తే ఒక్కరిని తీసేసినా మిగతావాళ్ల పని ఆగదు. లింకు ఇతరులకు చేరినా You need access అనే పేజీ వస్తుంది. అక్కడి నుంచి వాళ్లు అనుమతి అడిగితే యజమానికి మెయిల్ వస్తుంది. అసలు ప్రమాదం ఆ మెయిల్‌లోనే ఉందని నా అనుమానం: తెలిసిన పేరులా కనిపించగానే, అడ్రస్ సరిగ్గా చూడకుండా ఒప్పేసుకుంటాం. పిలిచేటప్పుడూ అంతే. రెండక్షరాలు కొట్టగానే ఫోన్ చూపించే శ్రీనివాస్ మీ కోశాధికారి కావచ్చు, మీ పాత ఆఫీసు శ్రీనివాస్ కూడా కావచ్చు.

Editor హోదా ఇచ్చేముందు ఇంకొంచెం ఆలోచించాలి. ఎడిటర్ ఇంకొకరిని తనంతట తానే పిలవగలడు. షేర్ పెట్టెలోని గేర్ గుర్తు నొక్కి ఆ వీలు ఆపేయవచ్చు. చూడటం వరకే అయితే Viewer చాలు.

ఈ సంఘానికి నా సలహా: లెక్కల ఫోల్డర్ లింకు మీదే, Viewer హోదాతో ఉండనివ్వండి. ఆధార్ కాపీలకు దాని బయట వేరే ఫోల్డర్ చేసి, Restrictedలో ఉంచి, కార్యవర్గంలో అవసరమైన ఇద్దరు ముగ్గురినే పేర్లతో చేర్చండి. ఆ తర్వాత పాత లింకును, ఆ కాపీల లింకులను బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిచి చూడండి. లాగిన్ అడగకుండా ఏ కాపీ అయినా తెరుచుకుంటే, ఆ ఫైలును ఎవరో ఎప్పుడో విడిగా లింకుతో పంచి ఉంటారు. ఫోల్డర్‌కు తాళం వేసినా ఆ విడి అనుమతి పోదు; దాన్ని ఆ ఫైలు దగ్గరే తీసేయాలి.

కార్యవర్గం మారినప్పుడు పాత పేర్లు తీసేయడంతో పని అయిపోదు. మామూలు డ్రైవ్ ఖాతాల్లో, పాత కోశాధికారి తన ఖాతా నుంచి ఎక్కించిన ఫైళ్లకు యజమాని ఆయనే, ఫోల్డర్ కార్యదర్శిదైనా సరే. ఆయన ఖాతా మూసేస్తే ఆ లెక్కలూ పోతాయి. అందుకని ఆయన పేరు తీసేముందే ఆ ఫైళ్లను కార్యదర్శి తన ఖాతాలోకి కాపీ చేసుకోవాలి.