పొలం అడుగున మురుగు దారి

కృష్ణా పశ్చిమ డెల్టా చివర్న, ప్రకాశం జిల్లా ఉప్పుగుండూరు ప్రాంతంలో కాలువ నీరు పారినా పంట ఎదగని చేలు ఉండేవి. వేసవి వస్తే మడిలో సున్నం చల్లినట్టు తెల్లటి పొర. దీన్నే పాలచౌడు అంటారు.

ఈ ఉప్పులో కొంత నేలలో ముందునుంచీ ఉన్నదే. మిగతాది మనం పారించే నీటితోనే వస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని నిక్షేపంగా తాగొచ్చు. అదే నీటిని ఎకరంలో మీటరు లోతుకు సరిపడా పారిస్తే దాదాపు 12 క్వింటాళ్ల ఉప్పు చేలోకి చేరుతుంది. మొక్క నీటిని పీల్చుకుని ఉప్పును వదిలేస్తుంది. మురుగు పోయే దారి లేకపోతే భూగర్భజలం పైకి లేస్తుంది. ఒకటిన్నర మీటర్లలోపుకు వస్తే మట్టి దాన్ని పైకి లాగుతుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. కోత తర్వాత చేను ఖాళీగా ఉన్నప్పుడే ఈ నష్టం ఎక్కువ.

మీ చేలో రెండు మీటర్ల లోతు గుంట తవ్వి, మర్నాడు చూడండి. మీటరులోపే నీరు నిలిస్తే ఎరువులు పెంచి లాభం లేదు.

మడి మీద నిలిచిన వాన నీటికి పైపై మురుగు బోదెలు చాలు. భూగర్భజలాన్ని దించాలంటే లోతైన కాలువలు కావాలి. అవి భూమిని తినేస్తాయి, గట్లు జారి పూడిపోతాయి. అందుకే 1990ల చివర్లో ఇండో-డచ్ ప్రాజెక్టు కింద బాపట్ల శాస్త్రవేత్తలు ఉప్పుగుండూరు రైతుల పొలాల్లోనే భూగర్భ మురుగు పైపులు వేసి చూపారు.

సన్నటి రంధ్రాలున్న ముడతల పీవీసీ పైపుకు వడపోత గుడ్డ చుట్టి, సుమారు మీటరు లోతున, కొద్దిపాటి వాలుతో వరుసలుగా పరుస్తారు. అవన్నీ ఒక పెద్ద పైపులో కలుస్తాయి. అది మురుగు కాలువలోకో, మోటారు పెట్టిన సంపులోకో పోతుంది. ఆ తర్వాత గట్లు వేసి మంచినీరు నిలగట్టాలి. మీటరు నీరు కిందికి ఇంకితే మీటరు మట్టిలోని ఉప్పులో సుమారు 80 శాతం కడుక్కుపోతుందని ఒక లెక్క. ఒక్కసారే అంత నీరు దొరకదు కాబట్టి వానలనూ కలుపుకుని పని సాగాలి.

కారుచౌడు సంగతి వేరు. అక్కడ సోడియం వల్ల మట్టి బిగుసుకుపోయి నీరే దిగదు. మట్టి పరీక్ష చేయించి, ముందు జిప్సం వేయాలి. అది వేయకుండా పైపులు పరిస్తే డబ్బు దండగ.

అన్నింటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది చివరి కొస. ఊరి మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయి పైపు మూతి మునిగితే, చేలోంచి చుక్క కదలదు. ఒక్క రైతు బాగుచేయగలిగింది కాదిది. పైపులు కొనేముందు ఆయకట్టు రైతులంతా కలిసి ఆ కాలువ పూడిక తీయించుకోండి.