తొలి యూట్యూబ్‌ ఛానల్‌కు ఏ సాధనం?

గుంటూరు: మిరప సాగుపై యూట్యూబ్‌ ఛానల్‌ ప్రారంభించదలచిన యువరైతుకు తొలి మెట్టుపైనే ఒక ప్రశ్న ఎదురవుతోంది. అడిగినది రాసిపెట్టే చాట్‌జీపీటీ, జెమిని వంటి చాట్‌ సాధనాలను నమ్ముకోవాలా, నాలుగు వాక్యాలు టైపు చేస్తే బొమ్మలు, గొంతుతో సహా వీడియో తయారుచేసే వెబ్‌సైట్లను ఆశ్రయించాలా, లేక కంప్యూటర్‌పై స్వయంగా ఎడిటింగ్‌ చేసుకోవాలా? చూపించదలచిన విషయమేమిటో తేల్చుకుంటే జవాబు దొరుకుతుంది.

మిరప ఆకుముడతపై ఐదు నిమిషాల వీడియో చేయాలనుకుందాం. తామర పురుగులు ఆశిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. తెల్లనల్లి ఆశిస్తే తిరగబడిన పడవలా కిందికి ముడుచుకుంటాయి. దేని మందు దానిదే. వీడియో తయారుచేసే వెబ్‌సైటును ‘మిరప ఆకుముడత’ చూపమంటే, తన వద్దనున్న దృశ్యాల నుంచో, కల్పించిన బొమ్మల నుంచో ముడుచుకున్న ఆకునొకదాన్ని తెచ్చి పెడుతుంది. అది పైముడతో, కింది ముడతో, అసలు మిరప ఆకేనో దానికి పట్టింపు లేదు. ఆ బొమ్మను నమ్మిన రైతు పైముడతకు నల్లి మందు కొడితే ఖర్చు దండుగ, తామర పురుగు చేలోనే ఉండిపోతుంది. పండుగ శుభాకాంక్షల వంటి, బొమ్మ ఏదైనా నష్టం లేని చోట ఆ వెబ్‌సైట్లు పనికొస్తాయి. నిజమనిపించే కృత్రిమ దృశ్యాలు వాడితే ఆ సంగతి వెల్లడించాలని యూట్యూబ్‌ 2024 నుంచి కోరుతోంది కూడా.

చాట్‌ సాధనానికి చేయదగ్గ పని ఉంది. పొలంలో గమనించిన సంగతులు పది వాక్యాల్లో ఇచ్చి, చెప్పే క్రమంలో అమర్చమంటే బాగానే అమరుస్తుంది. మందు పేరు, మోతాదు మాత్రం దాన్ని అడగరాదు. తప్పు అంకెను కూడా తడబడకుండా చెబుతుంది. ఆ రెండింటినీ వ్యవసాయాధికారినో, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తనో అడిగి, మందు డబ్బాపై చీటీతో సరిచూసుకోవాలి.

ఇక మిగిలింది సొంత చిత్రీకరణ, సొంత ఎడిటింగ్‌. ఈ వీడియోకు అదే తగిన దారి. సెల్‌ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని, రెండు రకాల ముడతలనూ ఉదయపు వెలుతురులో దగ్గరగా తీయాలి. ఎడిటింగ్‌కు షాట్‌కట్‌ ఉచితంగా లభిస్తుంది, సాధారణ ల్యాప్‌టాప్‌పై నడుస్తుంది. డావిన్చీ రిజాల్వ్‌ ఉచిత రూపం ఇంకా శక్తిమంతమైనదే గాని, 16 జీబీ మెమరీ లేనివారు దాని జోలికి పోకపోవడం మేలు.

కొత్తవారు బెంబేలెత్తేది ఒకచోట. మొదట్లో పెదవుల కదలిక, మాట కలిసే ఉంటాయి; ఐదో నిమిషానికి వేరుపడతాయి. ఫోన్‌ పాడైందనుకుంటారు. నిజానికి సెల్‌ఫోన్‌ సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను వెలుతురును బట్టి మార్చుకుంటూ పోతుంది, ఎడిటింగ్‌ సాఫ్ట్‌వేర్‌ మాత్రం ఒకే వేగాన్ని ఆశిస్తుంది. అందుచేత అటువంటి ఫైలు తెరిచినప్పుడు, ఎడిటింగ్‌కు అనువైన రూపంలోకి మార్చాలా అని షాట్‌కట్‌ అడిగితే సరేననాలి. మార్చిన ఫైలు చాలా పెద్దదవుతుంది గనుక డిస్కులో చోటు ముందే చూసుకోవాలి. పని పూర్తయ్యాక చివరి అరనిమిషం చూసి, మాట పెదవులతో కలిసిందని రూఢి చేసుకున్నాకే యూట్యూబ్‌లో పెట్టాలి.