తోడు ఎక్కువ వేస్తే పెరుగు గట్టిపడుతుందా?

పెరుగు పల్చగా వచ్చిన రోజున ఇంట్లో మొదటి అనుమానం తోడు మీదికే పోతుంది. ఆ రాత్రి ఇంకో చెంచా ఎక్కువ వేస్తారు. పొద్దున్నే చూస్తే పెరుగు పుల్లగా, పైన పచ్చటి నీటితో ఉంటుంది. చాలా ఇళ్లలో ఏడాది పొడుగునా జరిగేది ఇదే.

అపోహ: తోడు ఎంత ఎక్కువైతే పెరుగు అంత గట్టిగా వస్తుంది.

వాస్తవం: పెరుగు ఎంతసేపట్లో తోడుకోవాలన్నది తోడు చేతిలో ఉంటుంది, గట్టిదనం కాదు. తోడులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పులుపు పెరిగేకొద్దీ పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ వలలా అల్లుకుని, నీటినీ వెన్ననూ తనలో పట్టి ఉంచుతుంది. ఈ అల్లిక నిదానంగా సాగితే సన్నగా, బిగువుగా వస్తుంది. తోడు ఎక్కువైతే పులుపు గబగబా పెరిగి అల్లిక ముతకగా, వదులుగా తయారవుతుంది. పైగా మనం నిద్రలో ఉండగానే పెరుగు తోడుకుపోయి, తెల్లారేదాకా పులుస్తూనే ఉంటుంది. పులిసేకొద్దీ ఆ వల ముడుచుకుని నీటిని బయటికి వదిలేస్తుంది. పైన తేరే పచ్చటి నీరు అదే. దాన్ని చూసి పాలలో నీళ్లు కలిపారని అనుకోవడం తొందరపాటు.

అర లీటరు పాలకు మామూలు రోజుల్లో ఒక టీస్పూను తోడు చాలు. మంచి ఎండల్లో అర టీస్పూను, గట్టి చలిలో రెండు టీస్పూన్లు. అంతకు మించి అవసరం రాదు. తోడు ఎంత ఉండాలో అంతే ముఖ్యం ఎలాంటిదన్నది కూడా. నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పులిసిన పెరుగు కంటే నిన్నటి కమ్మటి పెరుగు చాలా మేలు.

మరి గట్టిదనం ఎక్కడిది? సగం పని పొయ్యి మీదే జరుగుతుంది. పాలు పొంగగానే దించేయకుండా, మంట తగ్గించి, కలుపుతూ మరో ఐదు నుంచి పది నిమిషాలు మరగనిస్తే కాస్త నీరు ఆవిరవుతుంది. అంతకంటే ముఖ్యంగా, పాలలోని మరో రకం ప్రొటీన్లు వేడికి విడివడి కేసిన్‌కు అతుక్కుంటాయి. దాంతో వల నీటిని ఇంకా గట్టిగా పడుతుంది. టోన్డ్ పాలతో పెరుగు పెట్టేవాళ్లు ఈ ఒక్క మార్పు చేసినా తేడా తెలుస్తుంది. గేదె పాలలో ప్రొటీన్, వెన్న రెండూ ఎక్కువ కాబట్టి అవి కొంత అశ్రద్ధనైనా సహిస్తాయి.

అపోహ: చలికాలంలో పాలు బాగా వేడిగా ఉన్నప్పుడే తోడు వేయాలి.

వాస్తవం: పాలు 50 డిగ్రీలు దాటి ఉంటే తోడులోని బ్యాక్టీరియా దెబ్బతింటుంది, ఇంకా వేడైతే చచ్చిపోతుంది. చలికాలానికి 40 నుంచి 43 డిగ్రీలు సరిపోతాయి. థర్మామీటరు లేకపోతే చిటికెన వేలు ముంచి చూడండి. వెచ్చగా తెలియాలి గానీ చురుక్కుమనకూడదు.

చలికాలంలో చిక్కు తోడు వేసే క్షణంలో లేదు, ఆ తర్వాతి గంటల్లో ఉంది. డిసెంబరులో హైదరాబాదు వంటింటిని తీసుకోండి. రాత్రి పది గంటలకు అర లీటరు పాలను సరైన వేడిలోనే తోడు పెట్టి, స్టీలు గిన్నెను గ్రానైటు గట్టు మీద వదిలేశారు. గట్టూ, గాలీ కలిసి ఆ వేడిని లాగేస్తాయి. పాలు 20 డిగ్రీల దగ్గరకు దిగాక బ్యాక్టీరియా పని బాగా మందగిస్తుంది. పొద్దున చూస్తే సగం పాలు, సగం పెరుగు. ఒక్కోసారి చెంచాతో ఎత్తితే జిగురుగా తీగ సాగుతుంది. అదే పాలు, అదే తోడు వేసి, గిన్నెకు మందపాటి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టినా, హాట్‌ప్యాక్‌లో మూసినా ఎనిమిది, పది గంటల్లో చక్కగా తోడుకుంటుంది. అమెరికాలో మనవాళ్లు ఓవెన్ వెలిగించకుండా, లోపలి దీపం మాత్రం వేసి గిన్నెను అందులో పెట్టేది ఈ వెచ్చదనం కోసమే.

మే నెల విజయవాడలో లెక్క తిరగబడుతుంది. గది వేడే పాలకు చాలు కనుక, పాలు గోరువెచ్చదనం కూడా పోయి చల్లారాక తోడు వేయాలి. నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. అందుకే ఎండాకాలంలో రాత్రి కంటే పొద్దున తోడు పెట్టడం మంచిది, ఒక కన్నేసి ఉంచవచ్చు. తోడుకోగానే గిన్నెను కుదపకుండా ఫ్రిజ్‌లోకి చేర్చాలి. పులుపు అక్కడితో నెమ్మదిస్తుంది, రెండు గంటల చల్లదనానికి పెరుగు ఇంకాస్త బిగుస్తుంది.

అపోహ: పొద్దుటికి తోడుకోకపోతే మళ్లీ తోడు వేయాలి.

వాస్తవం: వాసన బాగుంటే చాలాసార్లు వేడి ఇస్తే సరిపోతుంది. వెడల్పాటి గిన్నెలో వేలికి ఓర్చుకోదగ్గ వేడినీళ్లు పోసి, పెరుగు గిన్నెను కదపకుండా అందులో ఉంచి మూత పెట్టండి. నీళ్లు చల్లారితే మార్చండి. గంట, రెండు గంటల్లో గిన్నెను కొద్దిగా వంచి చూస్తే పెరుగు అంచును విడిచి ఒక్క ముద్దగా కదులుతుంది. అప్పటికీ పాలలాగే పారుతుంటే తోడులోనే జీవం లేదని అర్థం.