ఊరు మారాక బడికి రాసే అర్జీ

బడి మధ్యలో సీటు కోసం వచ్చే అర్జీల్లో చాలావాటికి ఒకటే ఒరవడి. "మేము చాలా ఇబ్బందుల్లో ఉన్నాము, దయతలచి మా పిల్లకు సీటు ఇప్పించగలరు" అని పేజీ నిండా ఉంటుంది. పిల్ల ఏ తరగతి, ఏ మీడియం, పాత బడికి చివరిసారి ఎప్పుడు వెళ్లింది అన్నవి మాత్రం కనిపించవు. హెడ్‌మాస్టరుకు కావలసినవి అవే మరి.

ఒక కుటుంబం ఆగస్టులో నంద్యాల నుంచి గుంటూరు వచ్చిందనుకుందాం. తండ్రి లారీ డ్రైవరు, కొత్త యజమాని దగ్గర పనికి కుదిరాడు. కూతురు ఏడో తరగతి, ఇంగ్లిష్ మీడియం, సర్కారు బడి. టీసీ ఇంకా చేతికి రాలేదు. ఆయన అర్జీ ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
అయ్యా, నా ఉద్యోగరీత్యా మా కుటుంబం ఈ నెలలో నంద్యాల నుంచి గుంటూరుకు మారింది. మా అమ్మాయి నంద్యాలలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి ఇంగ్లిష్ మీడియంలో ఆగస్టు 8 వరకు హాజరైంది. తనను మీ పాఠశాలలో అదే తరగతిలో చేర్చుకోవలసిందిగా కోరుతున్నాను. టీసీ కోసం పాత పాఠశాలకు దరఖాస్తు చేశాను. దాని నకలు జతపరిచాను. టీసీ అందగానే సమర్పిస్తాను. అమ్మాయి పెన్ నంబరు, పుట్టిన తేదీ, మా ప్రస్తుత చిరునామా, ఫోను నంబరు కింద రాశాను.
ఇట్లు, తమ విధేయుడు"

ఇందులో బతిమాలడం లేదు, దబాయింపూ లేదు. అన్నిటికన్నా బరువైన వాక్యం టీసీ గురించినదే. టీసీ లేదన్న సంగతి దాచిపెట్టి, అడిగినప్పుడు నసుగుదామనుకుంటారు చాలామంది. ముందే రాసేయడం మేలు. ఎందుకంటే చట్టం ఆ తల్లిదండ్రుల పక్షానే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం, బడి మారే పిల్లలకు పాత హెడ్‌మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు, కాదనకూడదు. గడువు దాటాక వచ్చారన్న కారణంతోనూ తిప్పిపంపకూడదని పదిహేనో సెక్షన్ చెబుతుంది. అర్జీలో సెక్షన్ల నంబర్లు రాయనక్కరలేదు. మొదటిరోజే చట్టం చదివి వినిపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

అయితే బడి మారే ఈ హక్కుకు హద్దులున్నాయి. ఇది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలది, సర్కారు, ఎయిడెడ్ బడుల్లో చేరడానికి వర్తించేది. ప్రైవేటు బడిలోనో, కేంద్రీయ విద్యాలయంలోనో, నవోదయలోనో సీటు కావాలంటే దీన్ని చూపించి అడగలేం. తొమ్మిది, పది తరగతుల వాళ్లయితే టీసీ చేతికొచ్చాకే ఊరు దాటడం క్షేమం.

ఇక పెన్ నంబరు. దేశంలోని బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ ఆన్‌లైన్ జాబితాలో ప్రతి పిల్లకూ ఇచ్చే శాశ్వత సంఖ్య అది. పాత బడి ఆ పేరును "వెళ్లిపోయింది" అని వదిలిపెడితేనే కొత్త బడి తన జాబితాలోకి లాక్కోగలదు. చిక్కు ఎక్కువగా ఇక్కడే వస్తుంది. పిల్ల రోజూ తరగతిలో కూర్చుంటుంది, ఆన్‌లైన్‌లో మాత్రం ఇంకా నంద్యాలలోనే చదువుతుంటుంది. చేరిన వారం రోజులకు "మా అమ్మాయి పేరు మీ జాబితాలోకి వచ్చిందాండీ?" అని ఒకసారి అడిగితే తేలిపోతుంది. రాలేదంటే పాత బడికి ఫోను చేయాల్సింది మనమే. పేరు, పుట్టిన తేదీ కూడా పాత బడి రికార్డులో ఎలా ఉన్నాయో అర్జీలో అలాగే రాయాలి. ఆధార్‌లో వేరుగా ఉంటే ఆ తేడాను చేరిన తర్వాత విడిగా సరిచేయించుకోవచ్చు. రెండు పనులూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ నిలిచిపోతాయి.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి బడికి ఇచ్చి, రెండోదాని మీద "ముట్టింది" అని తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఫలానా రోజున సీటు అడిగారనడానికి ఆ కాగితమే రుజువు. "సీట్లు లేవు, వచ్చే ఏడు రండి" అని నోటిమాటగా అంటే, అదే ముక్క అర్జీ మీద రాసి సంతకం పెట్టమని మర్యాదగా అడగండి. అప్పటికీ పని కాకపోతే ఆ ప్రతి తీసుకుని మండల విద్యాధికారి కార్యాలయానికి వెళ్లాలి. పాత బడికి పెట్టిన టీసీ దరఖాస్తు నకలు కూడా చేతిలో ఉండాలి, ఎందుకంటే అక్కడ మొదట అడిగేది దాన్నే.